ఒకే అమ్మకం, మూడు కొనుగోళ్లు: షేర్ల లాభంపై పన్నును తేదీలు ఎలా మారుస్తాయి

షేర్లు అమ్మిన మరునాడు బ్యాంకు ఖాతాలో పడే డబ్బు ఒకే మొత్తంగా కనిపిస్తుంది. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం ఆ షేర్లను ఎన్ని విడతలుగా కొన్నారో ఆ మొత్తం అన్ని ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకు కొనుగోలు తేదీ వేరు, కొన్న ధర వేరు, చివరకు పన్ను రేటు కూడా వేరు కావచ్చు. అందువల్ల ఎంత లాభం వచ్చిందన్న ప్రశ్నకు ముందే, ఏ షేరు ఏ రోజు కొన్నది, దాన్ని ఎన్నాళ్లు అట్టిపెట్టుకున్నారు అన్న ప్రశ్నకు జవాబు తేలాలి. లెక్కలో జరిగే తప్పుల్లో చాలావరకు కూడిక, తీసివేతల దగ్గర కాక ఈ తేదీల దగ్గరే జరుగుతాయి.

స్టాక్ ఎక్స్ఛేంజీలో కొని, అక్కడే అమ్మి, షేర్ల లావాదేవీలపై పడే పన్ను అయిన ఎస్టీటీ చెల్లించిన షేర్లకు గడువు పన్నెండు నెలలు. పన్నెండు నెలలు లేదా అంతకు తక్కువ కాలం ఉంచుకుని అమ్మితే వచ్చిన లాభం స్వల్పకాలికం, అంతకు మించితే దీర్ఘకాలికం. స్వల్పకాలిక లాభంపై 20 శాతం పన్ను పడుతుంది. దీర్ఘకాలిక లాభంలో ఒక ఆర్థిక సంవత్సరానికి మొదటి రూ.1.25 లక్షలను మినహాయించి, మిగిలినదానిపై 12.5 శాతం పడుతుంది. ఈ రేట్లు 2024 జులై 23 నుంచి జరిగిన అమ్మకాలకు వర్తిస్తున్నాయి. అంతకు ముందు అవి 15 శాతం, 10 శాతంగా ఉండేవి, మినహాయింపు 2023-24 వరకు లక్ష రూపాయలు. పన్నుపై 4 శాతం సెస్సును కూడా కలిపితే నేటి అసలు భారం స్వల్పకాలిక లాభంపై 20.8 శాతం, దీర్ఘకాలిక లాభంపై 13 శాతం. సెస్సు కలపకముందు రెండు రేట్ల మధ్య తేడా మునుపు ఐదు శాతం పాయింట్లే ఉండేది, ఇప్పుడు అది ఏడున్నరకు పెరిగింది కాబట్టి అమ్మే తేదీకి మునుపటికంటే విలువ పెరిగిందని చెప్పాలి. ఎక్స్ఛేంజీలో నమోదు కాని కంపెనీల షేర్లకు గడువు ఇరవై నాలుగు నెలలు. వాటి స్వల్పకాలిక లాభం మామూలు ఆదాయంలో కలిసి శ్లాబు రేటుకు వెళుతుంది. ఈ వ్యాసంలోని లెక్క నమోదైన షేర్లకే పరిమితం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, జీతం మీదే పన్ను కడుతున్న ఒక వ్యక్తి ఒకే కంపెనీ షేర్లను మూడు విడతలుగా కొన్నారు. 2016 నవంబరు 15న 200 రూపాయల చొప్పున వంద షేర్లు, 2024 ఆగస్టు 14న 900 చొప్పున మూడు వందల షేర్లు, 2025 ఫిబ్రవరి 20న 1,100 చొప్పున రెండు వందల షేర్లు. మొత్తం ఆరు వందలు, అన్నీ ఒకే డీమ్యాట్ ఖాతాలో ఉన్నాయి. ఇంటి అవసరానికి డబ్బు కావలసి 2025 ఆగస్టు 14న అందులో ఐదు వందల షేర్లను 1,400 చొప్పున అమ్మారు. చేతికి వచ్చింది ఏడు లక్షల రూపాయలు. వీరి మొత్తం ఆదాయం యాభై లక్షల లోపు కాబట్టి ఎక్కువ ఆదాయంపై పడే అదనపు పన్ను అయిన సర్‌ఛార్జీ ప్రసక్తి రాదు.

ఆరు వందల్లో అమ్ముడైనవి ఏ ఐదు వందలు? డీమ్యాట్ ఖాతాలో ఒక షేరుకూ మరో షేరుకూ భేదం ఉండదు కాబట్టి ఇక్కడ ఎంపిక అమ్మేవారి చేతిలో లేదు. ఖాతాలోకి ముందు వచ్చినవే ముందు పోయినట్లుగా భావించాలని చట్టం చెబుతుంది. ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 1998లో ఇచ్చిన 768వ సర్క్యులర్ దీన్ని వివరించింది. దాని ప్రకారం 2016 నాటి వంద, 2024 ఆగస్టు నాటి మూడు వందలు, ఆపై 2025 ఫిబ్రవరి నాటి రెండు వందల్లో వంద అమ్ముడైనట్లు లెక్క. ఎక్కువ ధరకు కొన్న ఫిబ్రవరి షేర్లనే అమ్మాననుకుంటే లాభం తక్కువగా చూపవచ్చునని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ ఆ వీలు లేదు.

ఇక రెండో విడత దగ్గర అసలు చిక్కు ఉంది. 2024 ఆగస్టు 14న కొన్న షేర్లను 2025 ఆగస్టు 14న అమ్మితే ఏడాది పూర్తయింది కదా, అది దీర్ఘకాలికమే అనుకోవడం సహజం. చట్టం అడిగేది ఏడాది పూర్తయిందా అని కాదు, పన్నెండు నెలలకు మించిందా అని. పైగా ఆ పన్నెండు నెలలను అమ్మిన తేదీకి సరిగ్గా ముందున్న కాలంగా లెక్కించాలి. ఆగస్టు 14న అమ్మితే దానికి ముందున్న పన్నెండు నెలలు 2024 ఆగస్టు 14 నుంచి 2025 ఆగస్టు 13 వరకు. ఈ షేర్లు సరిగ్గా ఆ పన్నెండు నెలలూ ఉన్నాయి, అంతకు మించి లేవు. కాబట్టి లాభం స్వల్పకాలికమే. కొన్న తేదీ మరుసటి ఏడాది మళ్లీ వచ్చిన రోజున కాక, కనీసం ఆ మరునాడు అమ్మితేనే ఏ వాదనకూ తావుండదు.

ఇక్కడ తేదీ అంటే కాంట్రాక్ట్ నోటు మీద ఉన్న తేదీ, షేర్లు డీమ్యాట్ ఖాతాలో జమ అయిన తేదీ కాదు. 2024 ఆగస్టు 14 బుధవారం. మరునాడు స్వాతంత్ర్య దినోత్సవ సెలవు, అందువల్ల ఆ షేర్లు ఖాతాలో 16న కనిపించి ఉంటాయి. ఆ 16వ తేదీని పట్టుకుని లెక్క వేస్తే రెండు రోజులు తప్పుతుంది. కొన్న రోజైనా, అమ్మిన రోజైనా బ్రోకర్ ఇచ్చే కాంట్రాక్ట్ నోటు తేదీనే ప్రమాణంగా తీసుకోవాలి.

మొదటి విడతది మరో కథ. ఎక్స్ఛేంజీలో అమ్మిన షేర్ల దీర్ఘకాలిక లాభంపై 2018 మార్చి 31 వరకు పన్నే లేదు. ఆ ఏడాది బడ్జెట్‌తో పన్ను మళ్లీ వచ్చినప్పుడు, అప్పటిదాకా పెరిగిన విలువకు రక్షణగా 2018 జనవరి 31 అనే గీత గీశారు. ఆ రోజు ఎక్స్ఛేంజీలో ఆ షేరు తాకిన గరిష్ఠ ధరను, అమ్మిన ధరను పోల్చి రెండింటిలో తక్కువదాన్ని తీసుకోవాలి. దాన్ని అసలు కొన్న ధరతో పోల్చి రెండింటిలో ఎక్కువదాన్ని కొనుగోలు ఖర్చుగా పెట్టాలి. ఉదాహరణలోని షేరు ఆ రోజు గరిష్ఠంగా 520 రూపాయలు తాకిందనుకుందాం. 520, 1,400ల్లో తక్కువది 520. 520, 200ల్లో ఎక్కువది 520. కాబట్టి 200కు కొన్న షేరుకు 520 ఖర్చు చూపవచ్చు. ఈ రెండంచెల పోలిక ఎందుకంటే, రక్షణను వాడుకుని లేని నష్టాన్ని ఎవరూ సృష్టించకుండా ఉండేందుకు. ఒకవేళ ఆ షేరు ధర పడిపోయి 400కు అమ్మవలసి వస్తే, 520, 400ల్లో తక్కువది 400 కాబట్టి ఖర్చు కూడా 400 అవుతుంది. లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు.

ఇప్పుడు మూడు ముక్కలనూ లెక్కిద్దాం. మొదటి వంద షేర్లకు వచ్చింది 1,40,000, ఖర్చు 52,000, దీర్ఘకాలిక లాభం 88,000 రూపాయలు. తరువాతి మూడు వందలకు వచ్చింది 4,20,000, ఖర్చు 2,70,000, లాభం 1,50,000, ఇది స్వల్పకాలికం. చివరి వందకు వచ్చింది 1,40,000, ఖర్చు 1,10,000, స్వల్పకాలిక లాభం 30,000. దీర్ఘకాలిక లాభం 88,000 మాత్రమే కాబట్టి అది 1.25 లక్షల మినహాయింపులో పూర్తిగా కలిసిపోతుంది. స్వల్పకాలిక లాభం మొత్తం 1,80,000, దానిపై 20 శాతం అంటే 36,000. సెస్సుతో కలిపి కట్టవలసింది 37,440 రూపాయలు. మినహాయింపులో ఇంకా 37,000 మిగిలే ఉన్నా అది స్వల్పకాలిక లాభానికి పనికిరాదు, వచ్చే ఏడాదికీ వెళ్లదు.

అదే అమ్మకాన్ని ఒక్క ట్రేడింగ్ రోజు ఆపి ఉంటే ఏమయ్యేది? 2025 ఆగస్టు 14 గురువారం. శుక్రవారం స్వాతంత్ర్య దినోత్సవం, ఆపై శని, ఆదివారాలు. మార్కెట్ మళ్లీ తెరిచింది 18వ తేదీ సోమవారం. ఆ రోజు అదే 1,400 ధరకు అమ్మితే రెండో విడత కూడా దీర్ఘకాలికమవుతుంది. దీర్ఘకాలిక లాభం 2,38,000కు చేరుతుంది, మినహాయింపు పోగా 1,13,000, దానిపై 12.5 శాతం 14,125. స్వల్పకాలికంగా మిగిలేది ఫిబ్రవరి షేర్ల మీది 30,000 మాత్రమే, దానిపై 6,000. రెండూ కలిపి 20,125, సెస్సుతో 20,930 రూపాయలు. ఒక్క ట్రేడింగ్ రోజు ఆగితే మిగిలేది 16,510 రూపాయలు.

అయితే ఆగడానికి కూడా ఒక ధర ఉంది. మూడు రోజుల సెలవుల తరువాత షేరు ఎక్కడ తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు. సోమవారం ధర తగ్గితే రావలసిన సొమ్ము తగ్గుతుంది, లాభం తగ్గినందువల్ల పన్ను కూడా కొంత తగ్గుతుంది. ఈ రెండింటినీ కలిపి లెక్కిస్తే, సోమవారం ధర దాదాపు 1,361 రూపాయలకు పడిపోతే గురువారం అమ్మినా, సోమవారం అమ్మినా పన్ను పోగా చేతిలో మిగిలేది సమానం. అంటే షేరుకు 39 రూపాయల దాకా, సుమారు రెండు ముప్పావు శాతం పతనాన్ని పన్ను తేడా భరించగలదు. అంతకు మించి పడితే ఆగినందుకు నష్టమే. రోజుకు నాలుగైదు శాతం ఊగే చిన్న కంపెనీ షేరుకు ఈ రక్షణ ఏమంత పెద్దది కాదు. నిలకడగా నడిచే పెద్ద కంపెనీ షేరుకు ఒక్క రోజు కోసం ఆగడం తెలివైన పనే అవుతుంది. పది రోజులో, నెలో మిగిలి ఉన్నప్పుడు మాత్రం అదే మాట చెప్పలేం.

ఈ రక్షణ ఎంతన్నది రేటు తేడా ఒక్కటే నిర్ణయించదు, అమ్మే ధరలో లాభం వాటా ఎంత అన్నది కూడా నిర్ణయిస్తుంది. పన్ను లాభం మీదే కదా. 950కి కొన్న షేరు ఇప్పుడు 1,000 ఉందనుకుందాం, 1.25 లక్షల మినహాయింపు అప్పటికే వేరే అమ్మకాలకు వాడేశారనుకుందాం. యాభై రూపాయల లాభంపై స్వల్పకాలికమైతే పన్ను 10 రూపాయల 40 పైసలు, దీర్ఘకాలికమైతే ఆరున్నర రూపాయలు. తేడా నాలుగు రూపాయలు కూడా లేదు. ధర నాలుగున్నర రూపాయలు, అంటే అర శాతం కూడా తగ్గకముందే ఆ లాభం కరిగిపోతుంది. ఇలాంటి షేరును పన్ను కోసమే నెలల తరబడి అట్టిపెట్టుకోవడంలో అర్థం లేదు. లాభం ధరలో సగానికి చేరినప్పుడే గడువు తేదీ నిజంగా బరువైన విషయమవుతుంది.

ఖర్చుల విషయంలో రెండు మాటలు చాలు. బ్రోకరేజీ, దానిపై జీఎస్టీ, ఎక్స్ఛేంజీ రుసుములను లాభంలోంచి తీసివేయవచ్చు, ఎస్టీటీని మాత్రం తీసివేయడానికి వీల్లేదు. ఏడు లక్షల అమ్మకంపై ఎస్టీటీ 0.1 శాతం చొప్పున 700 రూపాయలు ఉంటుంది, పై లెక్కల్లో ఈ చిన్న మొత్తాలను పక్కన పెట్టాం.

నష్టాలు చేరినప్పుడు రెండు రేట్ల తేడా మరో రూపంలో బయటపడుతుంది. స్వల్పకాలిక నష్టాన్ని స్వల్పకాలిక, దీర్ఘకాలిక లాభాలు రెండింటికీ సర్దవచ్చు. దీర్ఘకాలిక నష్టం దీర్ఘకాలిక లాభానికి మాత్రమే సర్దుబాటవుతుంది. పై ఉదాహరణలోని వ్యక్తి ఆగస్టు 14నే అమ్మి, అదే ఏడాది మరో కంపెనీ షేర్లలో 60,000 దీర్ఘకాలిక నష్టం మూటగట్టుకున్నారనుకుందాం. ఆ నష్టం ముందుగా 88,000 దీర్ఘకాలిక లాభంలోంచి పోతుంది, 28,000 మిగులుతుంది. కానీ ఆ 88,000 మినహాయింపు వల్ల ఎలాగూ పన్ను లేనిదే. నష్టం ఖర్చయిపోయింది, పన్ను ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. సర్దుబాటు తరువాతే మినహాయింపు అన్న ఈ వరుస వల్ల, మినహాయింపు నిండని ఏడాదిలో దీర్ఘకాలిక నష్టాన్ని ఖాయం చేసుకుంటే అది వృథా అవుతుంది. ఆ నష్టపు షేర్లను ఏప్రిల్ తరువాత, పెద్ద దీర్ఘకాలిక లాభం రాబోయే ఏడాదిలో అమ్మితే ఆ అరవై వేలు నిజంగా పనికొస్తాయి. అదే నష్టం షేర్లు కొని ఏడాది నిండకముందే అమ్మినందువల్ల వచ్చిందైతే, 20 శాతం పడే లాభంలోంచి తీసేసి పన్నెండు వేల పన్నును, దానిమీది సెస్సును తప్పించేది. అంటే లాభంలో ఉన్న షేరుకు ఏడాది దాటడం మేలు, నష్టంలో ఉన్న షేరుకు ఏడాది దాటకముందే అమ్మడం మేలు. సర్దగా మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకుపోవచ్చు, కానీ గడువు తేదీలోపు రిటర్ను వేసినవారికే ఆ హక్కు ఉంటుంది.

జీతం లేనివారి లెక్క వేరుగా ఉంటుంది. గుంటూరులో బ్యాంకు డిపాజిట్ల వడ్డీగా ఏడాదికి 2.5 లక్షలు వచ్చే ఒక గృహిణికి ఇదే 1,80,000 స్వల్పకాలిక లాభం వచ్చిందనుకుందాం. కొత్త పన్ను విధానంలో 2025-26కు ప్రాథమిక మినహాయింపు పరిమితి నాలుగు లక్షలు. వడ్డీ పోగా అందులో లక్షన్నర ఖాళీగా ఉంది. మన దేశ నివాసి అయితే ఆ ఖాళీని మూలధన లాభంతో నింపుకోవచ్చు, కాబట్టి పన్ను పడేది 30,000 మీదే, అది 6,000, సెస్సుతో 6,240. పన్నెండు లక్షల దాకా పన్ను లేదని విన్నవారు ఇక్కడ ఆశ్చర్యపోతారు. ఆ సౌకర్యం ఆదాయపు పన్ను చట్టం 87ఏ సెక్షన్ కింద పన్నులో ఇచ్చే తగ్గింపు, అంటే రిబేటు ద్వారా వచ్చేది, ప్రత్యేక రేటు పడే షేర్ల లాభాలకు కొత్త విధానంలో అది వర్తించదు. మొత్తం ఆదాయం 4.3 లక్షలే అయినా ఆ ఆరు వేలు కట్టవలసిందే. ఇక అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటూ ప్రవాస హోదాలో ఇక్కడి షేర్లు అమ్మే తెలుగువారికి ఈ ఖాళీ పరిమితిని నింపుకునే వెసులుబాటు కూడా లేదు. వారికి ఇక్కడ మరే ఆదాయం లేకపోయినా స్వల్పకాలిక లాభం మొదటి రూపాయి నుంచే 20 శాతం పడుతుంది.

కంపెనీ తన వాటాదారులకు ఉచితంగా ఇచ్చే బోనస్ షేర్లు ఈ తేదీల లెక్కను బాగా తికమక పెడతాయి. షేరును ముక్కలు చేసినప్పుడు, అంటే స్ప్లిట్ జరిగినప్పుడు, కొత్త షేర్లకు పాత తేదీ, పాత ఖర్చులో వాటా వస్తాయి. బోనస్‌కు అలా కాదు. బోనస్ షేరు ఖర్చు సున్నా, దాని కాలం కేటాయించిన రోజు నుంచి మొదలవుతుంది. ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చాక మార్కెట్ ధర దాదాపు సగానికి దిగుతుంది. అప్పుడు బోనస్‌కు కొద్దిముందు కొన్న పాత షేర్లను అమ్మితే కాగితం మీద నష్టం, ఏడాది లోపు బోనస్ షేర్లను కూడా అమ్మితే అమ్మిన సొమ్మంతా 20 శాతం పడే లాభం. బోనస్‌కు అర్హులెవరో తేల్చే రికార్డు తేదీకి ముందు మూడు నెలల్లో షేర్లు కొని, ఆ తేదీ తరువాత తొమ్మిది నెలల్లో బోనస్ షేర్లు కొన్నైనా చేతిలో ఉంచుకుని పాతవాటిని నష్టానికి అమ్మితే, ఆ నష్టాన్ని చట్టం గుర్తించదు. దాన్ని మిగిలిన బోనస్ షేర్ల ఖర్చుగా మాత్రమే చూపవచ్చు.

బ్రోకర్ ఇచ్చే లాభనష్టాల నివేదిక ఈ లెక్కలన్నీ చేసి పెడుతుంది కదా అన్న ధీమా సగం వరకే సరైనది. షేర్లను మరో బ్రోకర్ దగ్గరి ఖాతా నుంచి బదిలీ చేసుకున్నప్పుడు కొత్త బ్రోకర్‌కు అసలు కొన్న తేదీ, ధర తెలియవు. నివేదికలో ఖర్చు సున్నాగానో, బదిలీ రోజు ధరగానో కనిపిస్తుంది, 2016లో కొన్నవి నిన్న మొన్న కొన్నట్లుగా స్వల్పకాలికంలో పడతాయి. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన షేర్లకూ ఇదే జరుగుతుంది. నిజానికి అక్కడ తండ్రి కొన్న ధర, తండ్రి ఉంచుకున్న కాలం రెండూ వారసునికి చెందుతాయి. నివేదికలో ఏ వరుసలోనైనా కొనుగోలు ధర సున్నా అని ఉన్నా, కొన్న తేదీ బదిలీ తేదీతో సరిపోలినా అక్కడ ఆగి పాత కాంట్రాక్ట్ నోటు వెతకాలి. పన్ను శాఖ పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదికలో కూడా ఇవే తప్పు అంకెలు ఉండవచ్చు. అలాంటప్పుడు అక్కడే అభిప్రాయం నమోదు చేసి, రిటర్నులో సరైన అంకెలు వేసి, ఆధారాలు దాచుకోవాలి.

ముందు వచ్చినవి ముందు పోయే నియమం ఒక్కో డీమ్యాట్ ఖాతాకు విడివిడిగా వర్తిస్తుంది. ఉదాహరణలోని వ్యక్తి 2016 నాటి వంద షేర్లను ఒక ఖాతాలో, 2024 నుంచి కొన్నవాటిని మరో ఖాతాలో ఉంచి ఉంటే, పాతవాటిని కదపకుండానే కొత్తవాటిని అమ్మే వీలు ఉండేది. అయితే అమ్మే ముందురోజు ఖాతా మార్చడంతో ఈ పని జరగదు, కొనేటప్పుడే ఏ ఖాతాలో కొనాలో నిర్ణయించుకోవాలి.